కాలేజీ ఆఫీసు రికార్డులు: ఏది ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరి చేతుల మీదుగా తీసేయాలి?

వర్తూరు_ఆఫీసు
అందరికీ నమస్కారం. బెంగళూరులో ట్రస్టు నడిపే అన్‌ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ మాది. న్యాక్ వాళ్లు వచ్చేలోపు ఆఫీసు రికార్డులకు రిటెన్షన్ షెడ్యూల్ ఒకటి రాసిపెట్టమన్నారు. నేను రాసింది ఇంతే: అడ్మిషన్ ఫైళ్లు 5 ఏళ్లు, లెక్కలు 8 ఏళ్లు, పరీక్షల కాగితాలు 3 ఏళ్లు, మిగతావన్నీ ఏడాది. చివరి గడిలో "నాశనం చేయువారు: ఆఫీసు" అని పెట్టాను. ప్రిన్సిపల్ గారు ఎర్రసిరాతో రెండు ప్రశ్నలు రాసి వెనక్కి పంపారు: "5 ఏళ్లు ఎప్పటినుంచి? ఆఫీసు అంటే ఎవరు?" ముందుగా 2015-16 బీకాం బ్యాచ్ ఫైళ్లు 180 తీసేయాలని అనుకుంటున్నాం. ఆ బ్యాచ్‌నే ఉదాహరణగా తీసుకుని ఎలా రాయాలో చెప్పగలరా?

లెక్కలగది
లెక్కలకు 8 ఏళ్లు సరిపోతుందండీ. చట్టంలో ఉన్నదే అది. ఓచర్లు, క్యాష్ బుక్కు, లెడ్జరు, అన్నిటికీ ఒకే లెక్క. అడ్మిషన్ ఫైళ్లు మాత్రం ఎవరూ అడగరు, 3 ఏళ్లకే తీసేయొచ్చు.

మైలాపూర్_సూపరింటెండెంట్
ప్రిన్సిపల్ గారు అడిగిన రెండే అసలు ప్రశ్నలు. షెడ్యూల్‌లో ఏళ్ల సంఖ్య కన్నా ముందు గడి ముఖ్యం, అంటే గడియారం ఏ రోజున మొదలవుతుందన్నది.

పాత మద్రాసు ఆఫీసు పద్ధతిలో పెరిగినవాళ్లకు ఇది చేతి అలవాటు. ఫైలు ముగించేటప్పుడే దాని నంబరు ముందు ఒక అక్షరం పడేది. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, కె.డిస్ అంటే మూడేళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. ఆంధ్రలో కలెక్టరాఫీసుల్లో పనిచేసినవాళ్లకూ ఇవి తెలుసు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ అక్షరం పడేది ఫైలు తెరిచిన రోజున కాదు, ముగిసిన రోజున. ఏళ్లు అక్కడినుంచే లెక్క. మీరు "అడ్మిషన్ ఫైళ్లు 5 ఏళ్లు" అని మాత్రమే రాస్తే, 2015లో చేరిన పిల్లవాడి ఫైలు 2020లో తీసేయొచ్చని ఎవరైనా చదువుకుంటారు. వాడు బ్యాక్‌లాగ్‌లు కట్టి 2021లో టీసీ తీసుకుని ఉంటే, చదువు పూర్తికాకముందే ఫైలు పోయినట్టే.

అడ్మిషన్ ఫైలుకు గడియారం మొదలయ్యేది అడ్మిషన్ రిజిస్టరులో "వదిలిన తేదీ" గడి నిండిన రోజున. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఏళ్లు లెక్కపెట్టడానికి లేదు.

ఇక ఎవరు అన్నదానికి: ఒక్కరు కాదు, ముగ్గురు. జాబితా రాసేది ఆ సెక్షన్ గుమస్తా. దాన్ని రిజిస్టరుతో సరిచూసి సంతకం పెట్టేది సూపరింటెండెంట్. అనుమతి ఇచ్చేది ప్రిన్సిపల్. మిషన్ దగ్గర నిలబడి చూసేవాళ్లు ఇద్దరు, వాళ్లలో ఒకరైనా ఆ సెక్షన్‌కు సంబంధం లేనివాళ్లు కావాలి. జాబితా రాసినవారే చించకూడదు. షెడ్యూల్‌లో మనుషుల పేర్లు రాయకండి, పదవి రాయండి. గుమస్తా మారినా కాగితం మారకూడదు.

గాంధీబజార్_ఆడిట్
లెక్కలగది గారూ, 8 ఏళ్లు కంపెనీలకు. కంపెనీల చట్టంలో ఉన్న మాట అది. వర్తూరు వాళ్లది ట్రస్టు. ఆదాయపు పన్ను మినహాయింపు తీసుకునే ట్రస్టులకు 2022లో 17ఏఏ నియమం వచ్చింది. దాని ప్రకారం పుస్తకాలు, ఓచర్లు, రసీదులు సంబంధిత అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన తర్వాత 10 ఏళ్లు ఉంచాలి. కేసు తిరగదోడి ఉంటే అది తేలేదాకా.

ఇక్కడ కూడా తప్పు జరిగేది మొదలు దగ్గరే. 2022-23 ఓచర్ కట్ట తీసుకోండి. చాలామంది 2023 మార్చి నుంచి లెక్కవేసి 2033 అంటారు. కానీ 2022-23కి అసెస్‌మెంట్ ఇయర్ 2023-24. అది ముగిసేది 2024 మార్చి 31న. అక్కడినుంచి పదేళ్లు, అంటే 2034 మార్చి 31. కట్ట మీద ఆర్థిక సంవత్సరంతో పాటు "2034 మార్చి 31 వరకు" అని అదే రోజు రాసిపెడితే మళ్లీ ఎవరూ లెక్కవేయనక్కర్లేదు.

ఇంకొకటి. స్వైప్ మిషన్ నుంచి వచ్చే సన్నటి స్లిప్పులు ఓచర్లకు గుచ్చేసి వదిలేస్తున్నారు. అది థర్మల్ కాగితం. రెండు మూడు వేసవులు గడిచేసరికి అక్షరం మిగలదు, పసుపు పట్టిన ఖాళీ ముక్క మాత్రం పిన్నుకు వేలాడుతుంటుంది. ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా త్వరగా చెరిగిపోతుంది. రోజు ముగిసేలోపు జెరాక్స్ తీసి దానితో కలిపి పెట్టాలి. లేకపోతే షెడ్యూల్‌లో పదేళ్లని ఉన్నా చేతిలో ఉండేది తెల్లకాగితమే.

లెక్కలగది
17ఏఏ సంగతి నాకు తెలియదు, సరిచేసినందుకు థాంక్స్. జీతాల పుస్తకాలు కూడా పదేళ్లేనా?

గాంధీబజార్_ఆడిట్
జీతాల ఓచర్లు లెక్కల కిందే, పదేళ్లు. అక్విటెన్స్ రిజిస్టరు, సర్వీసు పుస్తకం వేరు. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు మనిషి చేరిన తేదీ నుంచి మొదలవుతాయి కాబట్టి సర్వీసు పుస్తకాన్ని అసలు తీసేయకపోవడమే నా సలహా. ఒక్కో మనిషికి ఒక్కో సన్నటి పుస్తకం, స్థలం పెద్దగా తినదు.

హెబ్బాళ్_లైబ్రరీ
మా దగ్గర కూడా ఇదే సమస్య అండీ. చిరిగిన పుస్తకాలు, పాత ఎడిషన్లు తీసేయాలంటే కమిటీ కూర్చోవాలి. యాక్సెషన్ రిజిస్టరులో ఎర్రసిరాతో "విత్‌డ్రాన్" అని రాసి తేదీ వేస్తాం. మీరూ అలా చేయొచ్చు కదా?

మైలాపూర్_సూపరింటెండెంట్
అది పుస్తకాల రైటాఫ్ అమ్మా, ఆస్తి లెక్క. ఇక్కడ అడుగుతున్నది కాగితాల సంగతి. కానీ మీరు చెప్పినదాంట్లో ఒకటి ఇక్కడా పనికొస్తుంది. తీసేసిన గుర్తు మూల రిజిస్టరులోనే పడాలి. అడ్మిషన్ రిజిస్టరు రిమార్కుల గడిలో "ఫైలు తీసివేయబడింది, జాబితా నం. 3, క్రమసంఖ్య 47" అని ఉంటే, పదిహేనేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి అడిగినా రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది.

వర్తూరు_ఆఫీసు
ఇప్పుడు రిజిస్టరు ముందు పెట్టుకుని 180 పేర్లూ చూశాను. 2018లో టీసీ తీసుకున్నవాళ్లు 163. ఆ తర్వాత, 2019 నుంచి 2021 దాకా తీసుకున్నవాళ్లు 11. అసలు టీసీ తీసుకోనివాళ్లు 6. బీరువాలో చూస్తే ఆ 163లో 161 ఫైళ్లే ఉన్నాయి. రెండు లేవు. వాటిని కూడా తీసేసిన జాబితాలో కలిపేస్తే 163 సరిపోతుంది కదా అని మా అటెండరు అంటున్నాడు.

మైలాపూర్_సూపరింటెండెంట్
వద్దు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. కనిపించని ఫైలుకు "నాశనం చేయబడింది" అని రాస్తే అది అబద్ధపు రికార్డు, దాని కింద మీ ప్రిన్సిపల్ సంతకం ఉంటుంది. రేపు ఆ ఫైలు ఇంకెక్కడో బయటపడితే మీ జాబితా మొత్తం మీద నమ్మకం పోతుంది. ఆ రెండింటినీ "దొరకనివి" అని వేరే కాగితం మీద రాసి, ఔట్‌వర్డ్ రిజిస్టరు వెతకండి. యూనివర్సిటీకి ఎలిజిబిలిటీ పరిశీలనకు పంపినవి, స్కాలర్‌షిప్ ఆడిట్‌కు తీసుకెళ్లినవి తిరిగి రాకపోవడం మామూలే.

ఇక 180ని ఎలా విడదీయాలో చెబుతాను. టీసీ తీసుకోని 6 ఫైళ్లకు గడియారమే మొదలుకాలేదు, ముట్టుకోవద్దు. ఆలస్యంగా తీసుకున్న 11 ఎవరి తేదీ ప్రకారం వాళ్లకి నడుస్తాయి. 2021లో తీసుకున్నవాళ్లకు 2026 దాకా ఉంటుంది. వాటిని పాత కట్టలో వదలకుండా, టీసీ తీసుకున్న ఏడాది కట్టలోకి మార్చి, తీసినచోట ఒక అట్టముక్క పెట్టండి: "ఫలానా నంబరు, 2021 కట్టలో". మిగిలింది 161.

ఈ 161 కూడా అలాగే మిషన్‌లోకి వెళ్లవు. ఎందుకంటే ఫైలు ఒకటే అయినా లోపలి కాగితాల ఆయుష్షు ఒకటి కాదు. ట్యాగు విప్పి ఒక్కొక్క కాగితం తిప్పాలి. పీయూ కాలేజీ ఇచ్చిన అసలు టీసీ, అప్లికేషన్ మొదటి పేజీ, యూనివర్సిటీ ఎలిజిబిలిటీ ఉత్తరం, ఈ మూడూ బయటికి తీయండి. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ, పేరు స్పెల్లింగ్, కులం వివరం ఏ ఆధారంతో రాశారన్నదానికి సాక్ష్యం ఇవే. పాస్‌పోర్టు కోసమో పేరు సవరణ కోసమో ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లు అడిగేదీ ఇదే. వీటిని అడ్మిషన్ నంబరు వరుసలో బైండు చేయించి రిజిస్టరు పక్కన పెట్టండి. మార్క్స్ కార్డు జెరాక్సులు, ఆదాయ సర్టిఫికెట్ జెరాక్సులు, యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్లు, ఫోటోలు, లీవు ఉత్తరాలు మిషన్‌కు.

స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల ఫైళ్లను మాత్రం ముందు పక్కన పెట్టి, ఆ ఏడాది ఆడిట్ అభ్యంతరాలు తీరాయో లేదో చూడండి. తీరకపోతే ఆ ఆదాయ సర్టిఫికెట్ జెరాక్సే మీకు జవాబు.

వర్తూరు_ఆఫీసు
ఫైళ్లు తిప్పడం మొదలుపెట్టాం. మొదటి 40 ఫైళ్లలోనే అసలు పీయూ మార్క్స్ కార్డులు 3 దొరికాయి. జెరాక్సుల మధ్యలో అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో తడిమితేనే తెలిసింది, కాగితం మందంగా ఉంది, మీద ముద్ర ఉబ్బెత్తుగా ఉంది. వీటిని ఏం చేయాలి?

మైలాపూర్_సూపరింటెండెంట్
అందుకే ట్యాగు విప్పకుండా ఏ ఫైలూ మిషన్‌లో పెట్టకూడదని చెప్పేది. అసలు సర్టిఫికెట్లు కాలేజీ సొత్తు కావు, పిల్లలవి. యూజీసీ 2018లోనే అసళ్లు పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ షెడ్యూల్‌లో వీటికి ఏళ్లు రాయకండి. "నాశనం చేయరాదు, తిరిగి ఇవ్వవలెను" అని ఒక వరుస పెట్టండి. వేరే రిజిస్టరులో ఎక్కించి, బీరువాకు తాళం వేసి, ఫైలులో ఉన్న చిరునామాకు ముందు ఉత్తరం రాయండి. సర్టిఫికెట్టే నేరుగా పోస్టులో పంపేయకండి. పదేళ్ల నాటి చిరునామా, ఇల్లు మారి ఉంటే మార్క్స్ కార్డు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. జవాబు వచ్చాక స్పీడ్ పోస్టు.

పరీక్షల_విభాగం
ఒకటి కలుపుతాను. "పరీక్షల కాగితాలు 3 ఏళ్లు" అని ఒక్క వరుసలో రాయకండి. మార్కుల లెడ్జరు శాశ్వతం. జవాబు పత్రాలకు అంతకాలం అక్కర్లేదు. ఇంటర్నల్ పరీక్షల బ్లూ బుక్కులు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 6 నెలలు ఉంచితే చాలని మేం పెట్టుకున్నాం. ఎందుకు ఆరు అంటే, రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ దరఖాస్తులన్నీ ఆలోపు ముగుస్తాయి.

2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో దిద్దిన జవాబు పత్రం చూసే హక్కు విద్యార్థికి ఉందని చెప్పింది. అదే తీర్పులో, పరీక్ష సంస్థ నిబంధన ప్రకారం పత్రాన్ని ఉంచాల్సినంత కాలమే ఆ హక్కు అని కూడా చెప్పింది. అంటే మీ షెడ్యూల్‌లో రాసే గడువుకు నిజంగా బరువుంది. దాన్ని ముందే నోటీసు బోర్డులో పెట్టాలి. రాసుకోకుండా తోచినప్పుడు చించేస్తే చెప్పడానికి ఏమీ ఉండదు.

నాశనం చేసేది ఇక్కడ ఆఫీసు కాదు, పరీక్షల కంట్రోలర్ ముందు జరగాలి. అటానమస్ కాకపోతే చీఫ్ సూపరింటెండెంట్. అయితే న్యాక్ కోసం ఇంటర్నల్ మార్కుల పట్టీలు, హాజరు పట్టీలు ఐదేళ్లవి అడుగుతారు. ఆ పట్టీలను బ్లూ బుక్కులతో కలిపి పారేయకండి.

వర్తూరు_ఆఫీసు
ఎవరైనా ఆర్టీఐ వేస్తే? మాది అన్‌ఎయిడెడ్.

మైలాపూర్_సూపరింటెండెంట్
మీ మీద నేరుగా రాకపోవచ్చు, యూనివర్సిటీ ద్వారా వస్తుంది. ఎయిడెడ్ కాలేజీలు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అడిగిన సమాచారాన్ని అడిగాక నాశనం చేస్తే 2005 చట్టం 20వ సెక్షన్ కింద రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా, అది కూడా సమాచార అధికారి సొంత జేబులోంచి. అందుకే షెడ్యూల్‌లో "ఆపు" అని ఒక గడి ఉండాలి. ఆర్టీఐ, కోర్టు నోటీసు, ఆడిట్ అభ్యంతరం, ఏది వచ్చినా ఆ గడిలో గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉన్నంతకాలం గడువు దాటినా ఆ కట్ట కదలకూడదు. గుర్తు వేయడం, తీయడం రెండూ సూపరింటెండెంట్ ఒక్కరి పని.

కోరమంగళ_సిస్టమ్స్
ఆ గడి ఎక్సెల్‌లో సులువు. C లో గడియారం మొదలైన తేదీ, D లో ఏళ్లు, శాశ్వతానికి P. E లో గడువు, F లో ఆపు గుర్తు H, G లో ఫలితం.

```
E2: =IF(OR(D2="P",C2=""),"",EDATE(C2,D2*12))
G2: =IF(OR(F2="H",E2=""),"KEEP",IF(TODAY()>E2,"LIST","KEEP"))
```

`C2=""` అన్నది మరిచిపోకండి. అది లేకుండా ఉత్త `EDATE` పెడితే, తేదీ ఖాళీగా ఉన్న వరుసకు ఎక్సెల్ వందేళ్ల కిందటి తేదీ ఇస్తుంది, వెంటనే `LIST` అని చూపిస్తుంది. టీసీ తీసుకోని ఆ 6 ఫైళ్లే అందరికన్నా ముందు తీసేయాల్సినవిగా వస్తాయి.

ఇంకో మాట. ఇంత శ్రమ ఎందుకు, అన్నీ స్కాన్ చేసి అసలు కాగితం మొత్తం తీసేస్తే? రికార్డు గదే అక్కర్లేదు.

గాంధీబజార్_ఆడిట్
జెరాక్సులకు సరే. అసలు టీసీకి నేను ఒప్పుకోను. కోర్టులో స్కాన్ చూపాలంటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు భాగాలు. ఒకటి కంప్యూటరు బాధ్యుడు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఏది మారినా తానూ మారిపోయే గుర్తు సంఖ్య, అది కూడా రాయాలి. మీ ఆఫీసులో స్కాన్ చేసిన రోజున హ్యాష్ తీసి రాసిపెట్టేది ఎవరు?

కోరమంగళ_సిస్టమ్స్
తీయడం కష్టం కాదు. విండోస్‌లో ఒక్క లైను:

```
certutil -hashfile 2015-047.pdf SHA256
```

రోజూ చేసిన స్కాన్లకు ఇది ఒక రిజిస్టరులో రాయించొచ్చు.

మైలాపూర్_సూపరింటెండెంట్
రాయించొచ్చు. కానీ స్కాన్‌లో రబ్బరు స్టాంపు వెనక దిద్దుబాటు ఉందో లేదో కనపడదు. బ్లేడుతో గీకి తేదీ మార్చిన టీసీని వెలుతురుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది, పీడీఎఫ్‌లో తెలియదు. ఈ విషయంలో మీరూ నేనూ కలవం అనుకుంటాను.

కోరమంగళ_సిస్టమ్స్
600 డీపీఐలో రంగుల్లో తీస్తే కొంత కనపడుతుంది. అయినా మీరన్న వెలుతురు పరీక్షకు అది సాటి రాదు, ఒప్పుకుంటాను. మా దగ్గర స్థలం లేకే ఆ దారి పట్టాం.

లెక్కలగది
చించేదాకా అక్కర్లేదు, గుజరీకి వేస్తే డబ్బులైనా వస్తాయి కదా?

పరీక్షల_విభాగం
గుజరీకి వేసిన కాగితం ముక్కలు కాకుండా బజ్జీల బండి మీద పొట్లాలై తేలుతుంది. ఫోటో, తండ్రి ఆదాయం, ఇంటి చిరునామా, అన్నీ అందులో ఉంటాయి. ముందు చించాలి, ఆ తర్వాత ముక్కలను ఇవ్వండి.

మిషన్ కొనేటప్పుడు పొడుగు పీలికలుగా కోసేది వద్దు. ఆరు మిల్లీమీటర్ల పీలిక మీద, కాగితాన్ని అడ్డంగా పెడితే మార్కుల వరుస మొత్తం చదవొచ్చు. అడ్డంగా నిలువుగా కోసే రకం, ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించనిది చూడండి. మిషన్ మీద పీ-4 అని ఉంటుంది. పది కాగితాలని రాసి ఉన్నా పాత కాగితం ఆరేడే పెట్టాలి. బంక అతికించిన ఫోటో ముందే ఊడదీయాలి, లేకపోతే బ్లేడుకు పట్టేస్తుంది. చిన్న మిషన్ కొన్ని నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుంది, చెడిపోయిందని కంగారు పడొద్దు, చల్లారనివ్వండి.

మీ లెక్క వేస్తే, ఫైలుకు సుమారు 30 కాగితాలు, మూడు పక్కన పెడితే 27. 161 ఫైళ్లకు 4,347 కాగితాలు. ఏ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు కాబట్టి 22 కిలోల దాకా వస్తుంది. చించేముందు కట్టలు తూచండి, తర్వాత సంచులు తూచండి. ఐదారు కిలోలు తక్కువ వస్తే ఒక కట్ట మిషన్ దాకా రాలేదని అర్థం.

వర్తూరు_ఆఫీసు
దొరకని రెండింటిలో ఒకటి దొరికింది. స్కాలర్‌షిప్ సెక్షన్ బీరువాలో ఉంది, ఔట్‌వర్డ్‌లో ఎక్కించకుండా తీసుకెళ్లారు. రెండోది ఇంకా లేదు. అసలు మార్క్స్ కార్డులు మొత్తం 9 తేలాయి.

అడ్మిషన్ ఫైలు వరుస తిరిగి రాశాను, చూడండి:

"విద్యార్థి అడ్మిషన్ ఫైలు. గడువు మొదలు: అడ్మిషన్ రిజిస్టరులో వదిలిన తేదీ. ఉంచవలసిన కాలం: 5 ఏళ్లు, ఆపు గుర్తు లేనప్పుడు. ముందుగా తీసి శాశ్వతంగా ఉంచవలసినవి: పూర్వ కాలేజీ టీసీ, అప్లికేషన్ మొదటి పేజీ, ఎలిజిబిలిటీ ఉత్తరం. అసలు సర్టిఫికెట్లు: తిరిగి ఇవ్వవలెను. జాబితా: అడ్మిషన్ గుమస్తా. పరిశీలన: సూపరింటెండెంట్. అనుమతి: ప్రిన్సిపల్. సాక్షులు: లెక్కల సెక్షన్ నుంచి ఒకరు, అధ్యాపకుల నుంచి ఒకరు. తీసివేత జాబితా: శాశ్వతం."

మైలాపూర్_సూపరింటెండెంట్
బాగుంది. "పద్ధతి: క్రాస్ కట్ మిషన్, కాలేజీ ఆవరణలోనే" అని ఒక మాట కలపండి, లేకపోతే వచ్చే ఏడాది ఎవరో ఆటోలో వేసి బయటికి పంపుతారు. తేలిన ఆ ఫైలును కూడా ట్యాగు విప్పి చూశాకే జాబితాలో చేర్చండి.

వర్తూరు_ఆఫీసు
కలిపాను. ఆ 9 మందిలో ఇద్దరి చిరునామా ఫైలులోనే చెరిగిపోయి ఉంది. వాళ్ల మార్క్స్ కార్డులు పీయూ బోర్డుకు అప్పగించాలా, మా దగ్గరే ఉంచాలా? ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే రాయండి.

హెబ్బాళ్_లైబ్రరీ
లైబ్రరీ కార్డు దరఖాస్తులో ఇంటి చిరునామా, తండ్రి ఫోన్ నంబరు రెండూ ఉంటాయండీ. 2015-16 దరఖాస్తులు మీ లైబ్రరీ వాళ్లు ఇంకా తీసేసి ఉండకపోవచ్చు. ముందు అక్కడ అడగండి.